పెద్దవాళ్ళ అనుమతి

సత్యవాణికి ఆ ఫోనంటే ఒకరకమైన గౌరవం. మొగుడు కువైట్ నుంచి తెచ్చిన ఫోనాయె, మన సంతలో దొరికేవాటిలా ఎందుకుంటుంది అనుకునేది. రాత్రి పదయ్యేసరికి తెర మూసుకుపోయి ఏదో ఇంగ్లీషు ముక్క చూపించేది. యూట్యూబు గంటసేపు చూసిందంటే చాలు, ఇంకో ఇంగ్లీషు ముక్క వచ్చి మర్నాటి దాకా తెరుచుకునేది కాదు. "ఫోనుకీ రెస్టు కావాలి కదే, వేడెక్కిపోకుండా అలా పెట్టేను" అన్నాడు హరిబాబు. ఏదైనా కొత్త యాప్ ఎక్కించాలంటే ముందు అతనికి కబురు వెళ్ళాలి, అతను అక్కడ సరే అంటే ఇక్కడ ఎక్కుతుంది. దానికీ జవాబుంది అతని దగ్గర. "కువైట్ ఫోన్లు అంతే. అక్కణ్ణించి ఒప్పుకోవాలి."

గల్ఫు వెళ్ళొచ్చినవాడి మాటకి రాజోలు పక్క ఎదురుండదు. విమానం ఎక్కి దిగినవాడు కాకి తెల్లగా ఉంటుందన్నా, ఆ దేశంలో ఉంటుంది కాబోలు అనుకునే జనం. సత్యవాణి పదో తరగతి ప్యాసైంది, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. కానీ పొయ్యి మీద కూర మాడుతుంటే తెర మీద ఇంగ్లీషు కూడబలుక్కునే తీరిక ఏ ఇల్లాలికుంటుంది? చేత్తో పక్కకి తోసేసి తన పని తను చూసుకునేది.

పోయిన సెలవుల్లో వచ్చినప్పుడు హరిబాబు రెండు ఫోన్లు తెచ్చాడు. ఒకటి పెళ్ళానికి, ఒకటి ఏడో తరగతి చదివే కూతురు బేబీకి. రెండూ తనే కూర్చుని సిద్ధం చేసి, ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టి వెళ్ళాడు. అప్పట్నుంచీ బేబీ తల ఎత్తి తల్లి మొహం చూసింది లేదు. అన్నం ముందు ఫోను, పుస్తకం మధ్యలో ఫోను. వద్దంటే "నాన్న చూసుకోమన్నారు" అనేది. ఒకనాడు సత్యవాణి వెనకనుంచి వెళ్ళి చూస్తే, తెర మీద ఒక ఆడమనిషిని స్తంభానికి కట్టి నలుగురు మగాళ్ళు కొడుతున్నారు, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు. బేబీ జంతికలు నములుతూ చూస్తోంది. ఆ పిల్ల మొహంలో భయం లేదు, జాలి లేదు. పిల్ల తన చేతుల్లోంచి జారిపోతోందని సత్యవాణికి ఆరోజే అర్థమైంది.

ట్యూషన్ చెప్పే మార్తమ్మ టీచరుకి చెప్పుకుంటే ఆవిడ దారి చూపించింది. "పిల్లలకి వేరే ఖాతా ఉంటుందమ్మా. ఏ యాప్ ఎంతసేపు చూడాలో, ఏవి చూడకూడదో అన్నీ తల్లి తన ఫోన్లోంచి పెట్టుకోవచ్చు. అమలాపురంలో జయప్రకాష్ అని ఫోన్ల షాపతను ఉన్నాడు, మా పిల్లలకి అతనే పెట్టేడు. నెమ్మదస్తుడు. బేబీని కూడా తీసుకెళ్ళు." పక్కనే కూర్చున్న బేబీ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఇక ఆ సాయంత్రమంతా అలక.

శుక్రవారం బయల్దేరేముందు అత్తగారు అప్పాయమ్మ గుమ్మంలో నిలబడి "ఎక్కడికమ్మా?" అనడిగింది. సత్యవాణి వినిపించనట్టు చెప్పులేసుకుంది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళకి మాటల్లేక చాలా కాలమైంది. దానికో కారణముంది. సత్యవాణి పుట్టిల్లు పలివెల. అక్కడ తల్లి పక్షవాతం వచ్చి మంచాన ఉంది. కొబ్బరితోట గట్టు దగ్గర తగువొచ్చి, హరిబాబు తన బావమరిది మొహం చూడనని ఒట్టుపెట్టుకుని, పెళ్ళాన్ని కూడా ఆ గడప తొక్కొద్దన్నాడు. కన్నతల్లి మంచంలో ఉంటే ఏ కూతురాగుతుంది? ఆ ఊళ్ళోనే ఉన్న కొప్పులింగేశ్వరుడి దర్శనమని చెప్పి, బేబీని వెంటబెట్టుకుని వెళ్ళి వస్తుండేది. అటు తర్వాత మొగుడు ఫోన్లో నవ్వుతూ అడిగేవాడు. "ఈవేళ దేవుడి దగ్గర మీ అన్నయ్య కూడా ఉన్నాడా? టీ ఇచ్చేడా?" కోపం లేదు, కేక లేదు. ఆ నవ్వుకే ఆమె ఒళ్ళు చల్లబడేది.

చెప్పేది ఎవరు? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ సత్యవాణి పట్టేశాననే అనుకుంది. ఇంట్లో ఉన్నది అత్తగారొక్కతే. ఆవిడే కొడుక్కి మోస్తోందని తీర్మానించుకుని మాట మానేసింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ఆ వంటింట్లో గిన్నెలు ఎన్ని సొట్టలు పోయాయో.

అమలాపురంలో ఆ షాపు బస్టాండుకి దగ్గరే. లోపల గాజు బల్ల, దాని వెనకాల కళ్ళద్దాల మనిషి, మధ్యాహ్నం కాబట్టి వేరే బేరాల్లేవు. ఆ మనిషే జయప్రకాష్. మార్తమ్మ పేరు చెప్పగానే రెండు కుర్చీలు జరిపాడు.

"ఆయ్, రండి అక్కగారూ. టీచరుగారు ఫోన్ చేసేరండి. పాపది ఏ ఫోను? ఇలా ఇవ్వమ్మా."

బేబీ ఇవ్వలేదు. గుండెలకి అదుముకుంది.

"ఉంచుకోనివ్వండి, పాపది తరవాత చూద్దాం. ముందు మీ ఫోన్లో తల్లి యాప్ ఎక్కించాలండి. దాంట్లోంచే పాపకి ఖాతా తెరుస్తాం. పాప పుట్టినరోజు కొడతాం, పదమూడేళ్ళ లోపని తెలిసిందంటే ఇంక ఆ ఖాతా మీ చేతిలో ఉంటుంది. ఏ యాప్ ఎంతసేపో మీరు పెడతారు. రాత్రి ఎన్నింటికి ఫోను మూసుకోవాలో మీరు పెడతారు. కొత్త యాప్ కావాలంటే పాప ఫోన్లోంచి మీకు కబురొస్తుంది, మీరు సరే అంటేనే ఎక్కుతుంది. చెడ్డ సైట్లు మూసేయొచ్చు. పాప ఎక్కడుందో మ్యాపులో చుక్కలా కనబడుతుంది."

సత్యవాణి తలాడిస్తూ వింది. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ వింటుంటే ఎక్కడో తేడాగా అనిపించింది. ఈ ఏర్పాటంతా తనకి ముందే తెలిసినట్టుంది, ఎక్కడ చూసిందో మటుకు గుర్తురావడం లేదు.

జయప్రకాష్ ఆమె ఫోను తీసుకుని ఆ యాప్ వెతికి నొక్కాడు. తెర మీద ఎప్పుడూ వచ్చే ముక్కే వచ్చింది. అతని వేలు ఆగిపోయింది.

"ఈ ఫోను మీదేనాండి?"

"నాదేనండి. అది మామూలేనండి, ఇది కువైట్ ఫోను. అక్కణ్ణించి మా ఆయన ఒప్పుకోవాలి. ఇక్కడ నొక్కితే ఆయనకి వెళ్తుంది." అంటూ, అతను వద్దనేలోపే సత్యవాణి అలవాటుగా వేలు చాచి నొక్కేసింది. కబురు వెళ్ళిపోయింది.

జయప్రకాష్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అక్కగారూ, కువైట్ ఫోన్లంటూ వేరే ఉండవండి" అన్నాడు మెల్లగా. "దీంట్లో భాష ఇంగ్లీషులో ఉంది. ఒక్కసారి తెలుగు చెయ్యనా? మీరే చదువుకుందురు గాని."

చేసి బల్ల మీద ఆమె వైపు తిప్పి పెట్టాడు. ఇన్నాళ్ళూ చేత్తో పక్కకి తోసేసిన ముక్కలన్నీ ఒక్కసారిగా అర్థమయ్యే మాటలయ్యాయి. సెట్టింగుల్లో తల్లిదండ్రుల నియంత్రణలు అని ఉంది. ఈ ఖాతా మీ తల్లి లేదా తండ్రి పర్యవేక్షణలో ఉంది అని ఉంది. యూట్యూబుకి రోజుకి గంట. నిద్రవేళ పదింటికి. బ్రౌజరులో ఆమోదించిన సైట్లు మాత్రమే. ఆసుపత్రి వాళ్ళ పేజీ తెరుద్దామంటే, తల్లి మందుల కోసం చూద్దామంటే, ఎన్నిసార్లు తెరుచుకోలేదో సత్యవాణికి గుర్తొచ్చింది. నెట్టు బాగాలేదనుకుంది అప్పుడు. పర్యవేక్షించే పెద్దవారు అన్నచోట హరిబాబు బొమ్మ, మెళ్ళో గొలుసుతో నవ్వుతూ.

"పేరు చూడండి" అన్నాడు జయప్రకాష్, ఇంకో పేజీ తెరిచి.

పేరు సత్యవాణి అనే ఉంది. దాని కింద పుట్టినతేదీ. తేదీ, నెల తనవే. ఏడాది మటుకు తనది కాదు. లెక్కవేసుకుంటే పదకొండేళ్ళొచ్చాయి. బేబీ కంటే చిన్నది.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అలా అయింది ఆమె పని. సిగ్గుతో ముందు చెవులు కాలిపోయాయి. ముక్కూమొహం తెలియని మగవాడి ముందు, మొగుడు తనని పదకొండేళ్ళ పిల్లని చేసి కూర్చోబెట్టాడు. సిగ్గు తర్వాత భయం వచ్చింది. ఆ భయం ఇంక పోలేదు.

"నేను ఎక్కడికెళ్ళేనో ఆయనకి కనబడుతుందా?"

"చుక్క కనబడుతుందండి. ఏ ఊళ్ళో ఉన్నారో, ఏ వీధిలో ఉన్నారో. ఏ యాప్ ఎంతసేపు చూసేరో కూడా."

"మాటలు వినబడతాయా?"

"వినబడవండి. ఎవరితో మాట్లాడేరో, ఏం రాసుకున్నారో, మీ పక్కన ఎవరున్నారో ఏదీ తెలీదు. దీంతో అయ్యే పని కాదది."

ఆ మాట ఆమె చెవిన పడింది గానీ అప్పటికి లోపలికి దిగలేదు. "తీసేయండి. ఇప్పుడే తీసేయండి దీన్ని."

"నా చేతిలో లేదండి. ఈ ఖాతాని ఫోన్లోంచి తియ్యాలంటే ఆయన పాస్‌వర్డ్ కొట్టాలి. ఫోనంతా చెరిపేసినా మళ్ళీ మొదట్లో ఆ ఖాతానే అడుగుతుంది. వేరే ఫోను కొనుక్కుని, మీ అసలు పుట్టినరోజుతో వేరే ఖాతా తెరుచుకోవడమే."

"మరి పాపకి?"

జయప్రకాష్ ఇబ్బందిగా బల్ల మీది దుమ్ము తుడిచాడు. "పిల్లల ఖాతా చూసుకోవాలంటే చూసుకునేవాళ్ళు పెద్దవాళ్ళై ఉండాలండి. దీని లెక్కలో మీరు కాదు. ఈ ఫోన్లోంచి పాపకి మీరు ఏమీ పెట్టలేరు."

అతను అంటుండగానే బల్ల మీద ఫోను తెర మూసుకుపోయింది. నడినెత్తిన సూర్యుడున్న వేళ, రాత్రి పదింటికి మూసుకున్నట్టు. ఈ ఫోనును మీ తల్లి లేదా తండ్రి లాక్ చేశారు అన్న తెలుగు ముక్క ఆమె మొదటిసారి చదివింది. ఎక్కడో ఇసుక దేశంలో కూర్చున్న మనిషి వేలు వచ్చి ఈ బల్ల మీద ఆనినట్టయింది ఆమెకి.

వెంటనే రింగయింది. హరిబాబు ఎప్పుడూ వాట్సాపులో చేసేవాడు. లాక్ చేసిన ఫోనుకి మామూలు కాలే వస్తుందని ఆమెకి తెలీదు, అతనికి తెలుసు.

"వాణీ, ఏం చేస్తున్నావే?" గొంతు తేనెలా ఉంది.

"బేబీ ఫోను..."

"ఆ యాప్ నీకెందుకు? అది పెద్దవాళ్ళకి. పిల్ల సంగతి నేను చూసుకుంటాను కదా."

"నా పుట్టినరోజు అలా పెట్టేరేంటండీ?" అంది.

"ఏదో పొరపాటుగా పడుంటుంది. దానికింత రాద్ధాంతం దేనికి? వచ్చేక మాట్లాడుకుందాం. ముందు అక్కణ్ణించి బయటికి రా. ఆ జయప్రకాష్‌తో అంతసేపు ఏంటి మాటలు?"

పెట్టేశాడు. సత్యవాణి చేతిలో ఫోను అలాగే ఉంది. షాపతను "ఏమన్నా సాయం కావాలంటే టీచరుగారితో కబురంపండి అక్కగారూ" అని ఏదో అంటున్నాడు. ఆమె నమస్కారం పెట్టి, బేబీ రెక్క పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేసింది.

బస్టాండులో రాజోలు బస్సు సిద్ధంగా ఉంది. దాని పక్కన కొత్తపేట మీదుగా రావులపాలెం వెళ్ళే బస్సు. ఇంటికెళ్ళాలంటే మొదటిది, పలివెల వెళ్ళాలంటే రెండోది. సత్యవాణి రాజోలు బస్సు మెట్టు మీద కాలు పెట్టింది. ఆ ఇంట్లో పది గంటలకి తెర మూసుకుపోతుంది, పొద్దున్న ఆరింటికి తెరుచుకుంటుంది, మొగుడు వచ్చేదాకా తను అలాగే మూసుకుంటూ తెరుచుకుంటూ ఉండాలి. కాలు వెనక్కి తీసుకుంది. దాచుకుని వెళ్ళిన రోజులు అయిపోయాయి. చూస్తాడు, చూడనీ అనుకుని కొత్తపేట బస్సెక్కింది.

కిటికీ పక్కన బేబీ, ఇటు తను. బస్సు ఊరు దాటింది. కాలవ గట్టున కొబ్బరిచెట్లు వెనక్కి పోతున్నాయి. అప్పుడు మొదలైంది ఆమె బుర్రలో.

జయప్రకాష్ అన్నాడు, చుక్క మాత్రమే కనబడుతుంది అని. పక్కన ఎవరున్నారో తెలీదు అని. షాపు బోర్డు మీద అతని పేరు లేదు, వినాయకుడి బొమ్మా ఫోన్ల బొమ్మలూ ఉన్నాయంతే. మరి ఆ పేరు హరిబాబు నోట్లోకి ఎలా వచ్చింది? పలివెలలో అన్నయ్య ఇంట్లో ఉన్న సంగతి చుక్క చెప్పలేదు. టీ ఇచ్చిన సంగతి అసలే చెప్పలేదు. ఆవేళ టీ తాగింది తనూ, అన్నయ్యా. బేబీ తాగలేదు, చిన్నపిల్ల కదా, మంచం పక్కన కూర్చుని అమ్మమ్మకి విసురుతూ ఉంది.

అప్పాయమ్మ ఎప్పుడూ పలివెల రాలేదు. ఈరోజు ఆవిడకి షాపు సంగతే తెలీదు, ఎక్కడికమ్మా అని అడిగితే తను మాటైనా ఆడలేదు. ఇన్నాళ్ళూ కోపం పెట్టుకున్నది ఆ ముసలావిడ మీదనా? సత్యవాణి మెల్లగా కూతురి వైపు తిరిగింది.

"నాన్నకి నువ్వేనా చెప్పేది?"

బేబీ కిటికీలోంచి చూపు తిప్పలేదు. "అడిగితే చెప్పేదాన్ని" అంది.

"ఏం అడిగేవారు?"

"అమ్మ ఎవరితో మాట్లాడింది, ఎంతసేపు మాట్లాడింది, నవ్విందా అని. ఫోన్లో ఎక్కడికెళ్ళేరో కనబడుతుంది గానీ ఎవరున్నారో కనబడదంట కదా." ఆ పిల్ల గొంతులో తప్పు చేశానన్న జాడ లేదు, హోంవర్కు అప్పజెబుతున్నట్టుంది. "నీ ఫోను చిన్నపిల్లల ఫోనులా పెట్టేనని నాన్న ముందే చెప్పేరు. అమ్మకి చెప్పకన్నారు. చెప్పకపోతే నా ఫోనుకి ఏ అడ్డూ పెట్టనన్నారు."

కంచే చేను మేసిందని ఏడవడానికి, అసలు కంచె ఎవరో సత్యవాణికి అంతు చిక్కలేదు. పిల్లకి కంచె వేద్దామని బయల్దేరింది తను. తన చుట్టూ వేసిన కంచెకి కాపలా పిల్లే. కొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు. స్తంభానికి కట్టిన ఆ ఆడమనిషిని చూస్తూ జంతికలు నమిలిన మొహం గుర్తొచ్చి, ఆ చేత్తోనే కూతురి జుట్టు సవరించింది. పన్నెండేళ్ళ పిల్లని లంచం ఇచ్చి కొనుక్కున్నవాడి మీద, తన పదిహేనేళ్ళ కాపురం మీద, ఆమెకి పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

"షాపులో కూర్చున్నప్పుడు కూడా చెప్పేవా?"

"మెసేజ్ పెట్టేను. నా ఫోను తీసేసుకుంటావని భయమేసింది."

ముక్తేశ్వరం దారి దాటి బస్సు కుదుపులతో పోతోంది. బేబీ ఒళ్ళో ఫోను వెలిగింది. దానికి గంట లేదు, పది లేదు, ఏ తాళమూ లేదు. ఆ పిల్ల చదువుకుని తల్లి వైపు చూసింది.

"నాన్న అడుగుతున్నారు, ఈ బస్సు ఎక్కడికని. ఏం చెప్పను?"

ఆ పిల్ల తనని అడగడం అదే మొదటిసారి. సత్యవాణి ఆ చిన్న సంగతిని రెండు చేతులా పట్టుకుంది. "నిజమే చెప్పు. అమ్మమ్మ దగ్గరికి వెళ్తున్నాం, ఇంక అక్కడే ఉంటాం అని రాయి."

బేబీ రాసింది. జవాబు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. "సరేనన్నారు. అక్కడే ఉండమన్నారు. వచ్చే శుక్రవారం తనే వస్తున్నారంట, మనల్ని తీసుకెళ్ళడానికి. టికెట్టు తీసేసేరంట." తెర మళ్ళీ చూసి, "నవ్వుతున్న బొమ్మ కూడా పెట్టేరు" అంది.

తల్లి మంచంలో ఉన్న ఆ ఇంటికి, అన్నయ్య ఒక్కడే మగదిక్కైన ఆ ఇంటికి అతను నవ్వుతూ వస్తాడు. కేకలు వేసే మనిషైతే ఏం చేస్తాడో తెలుస్తుంది. ఈ మనిషి సంగతి తెలియదు. సత్యవాణి కూతురి చేతిలోంచి ఫోను లాక్కోలేదు. లాక్కుంటే ఈ పిల్ల ఎప్పటికీ అటుపక్కనే ఉండిపోతుందని ఆమెకి తోచింది. వారం రోజులున్నాయి, ఆ వారంలో ఈ పిల్లని తన వైపు తెచ్చుకోవాలి. ఆమె ఆస్తంతా అదే.

"బేబీ, ఇకమీదట ఆయన ఏమడిగినా ముందు నాతో చెప్పు. తరవాతే జవాబు రాయి. రాస్తావా?"

"ఆయ్" అంది బేబీ.

సత్యవాణి ఆ మొహంలోకి చూసింది. పిల్ల తల దించుకునే ఉంది, వేళ్ళు తెర మీద కదులుతున్నాయి. ఆ ఆయ్ తనతో అన్నదో, అవతలివాడికి రాస్తూ పైకి అన్నదో ఆమెకి తెలియలేదు. కొత్తపేట వచ్చిందని కండక్టరు కేకేశాడు. ఆమె లేచి కూతురి చెయ్యి పట్టుకుంది, ఆ చెయ్యి కూడా తన చేతిని పట్టుకుంటుందేమో అని చూస్తూ దిగింది.